నలభై షేర్లు, ఒక ఓటీపీ: మొదటిసారి ఐటీ రిటర్న్ వేస్తున్నవాళ్లకు

[ఓపెనింగ్: హన్మకొండలో అద్దె గది. మంచం మీద ల్యాప్‌టాప్, పక్కన ఫారం 16 ప్రింటవుట్]

నమస్తే. మా తమ్ముడు ఉద్యోగంలో చేరి ఏడాదైంది. నెలకు 48 వేలు. "అన్నా, జీతం తప్ప నాకేం లేదు, ఐటీఆర్-1 కొట్టేస్తా" అన్నాడు. జీతం మీద బతికేవాళ్లలో చాలామందికి అదే ఫారం. ఆదాయం 50 లక్షల లోపుండి, జీతం, బ్యాంకు వడ్డీ, ఒక ఇల్లు మాత్రమే ఉంటే అది సరిపోతుంది.

కానీ నేను ముందు ఏఐఎస్ తెరవమన్నాను.

[స్క్రీన్ మీద: incometax.gov.in లాగిన్, పైన మెనూలో AIS]

ఏఐఎస్ అంటే మీ పాన్ మీద ఏడాదంతా జరిగిన లావాదేవీల చిట్టా. అందులో షేర్ల అమ్మకం 19,600 అని కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది వాడికి. దోస్తు చెప్పాడని ఫోన్ యాప్‌లో ఒక్కోటి 410 చొప్పున 40 షేర్లు కొని, నాలుగు నెలలకు 490కి అమ్మాడు. లాభం 3,200. "గింత దానికి కూడానా?" అన్నాడు. గింతే, కానీ ఫారం మారిపోతుంది.

ఏడాది దాటకుండా షేర్లు అమ్మితే అది షార్ట్ టర్మ్ లాభం. దాన్ని చూపించే గడి ఐటీఆర్-1లో లేదు. ఐటీఆర్-2 వేయాలి. అవే షేర్లు ఏడాది దాటాక అమ్మి, లాభం 1.25 లక్షల లోపుంటే ఐటీఆర్-1 చాలు. పొద్దున కొని సాయంత్రం అమ్మే ఇంట్రాడే, ఎఫ్ అండ్ ఓ అనే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ ఉంటే ఐటీఆర్-3 దాకా పోవాలి.

[స్క్రీన్ మీద: కాగితం మీద పెన్నుతో లెక్క]

ఇప్పుడు పన్ను చూద్దాం. 2025-26 జీతం, కొత్త పన్ను విధానం. పోర్టల్‌లో అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 ఎంచుకోవాలి. ఏడాది జీతం 5,76,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 5,01,000. దీని మీద 5,050 పన్ను పడుతుంది, కానీ 12 లక్షల లోపు ఆదాయానికి ఇచ్చే రిబేటుతో అది సున్నా అవుతుంది. బ్యాంకు వడ్డీని లెక్క సులువు కోసం వదిలేశాను, మీరు మాత్రం వదలొద్దు.

తిరకాసు ఆ 3,200 దగ్గరుంది. షేర్ల షార్ట్ టర్మ్ లాభానికి కొత్త విధానంలో ఈ రిబేటు వర్తించదు. 20 శాతం అంటే 640, సెస్ కలిపి 665 చిల్లర, రౌండ్ చేస్తే 670. కంపెనీ జీతంలోంచి టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, ఏమీ కోయలేదు కాబట్టి వాడే కట్టాలి. e-Pay Taxలోకి వెళ్లి, Self-Assessment Tax (300) ఎంచుకుని, యూపీఐతో కట్టి, ఆ చలాన్ వివరాలు రిటర్న్‌లో ఉన్నాయో లేదో చూసుకుని పంపాడు.

ఇక్కడే చాలామంది ల్యాప్‌టాప్ మూసేస్తారు. e-Verify Later నొక్కి పడుకుంటారు. వెరిఫై చేయని, అంటే మీరే వేశారని ఖాయం చేయని, రిటర్న్ వేయనట్టే లెక్క.

[స్క్రీన్ మీద: క్యాలెండర్]

పంపిన రోజు నుంచి 30 రోజులు గడువు. జులై 20న పంపాడనుకోండి. ఆగస్టు 15న వెరిఫై చేసినా జులై 20నే వేసినట్టు. అదే ఆగస్టు 25న చేస్తే, ఆ రోజు వేసినట్టు లెక్కేస్తారు. రిటర్న్ వేయడానికి ఆఖరి తేదీ జులై 31 దాటిపోయింది కదా, లేటు ఫీజు పడుతుంది. ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి. మావాడిది షేర్ల లాభంతో కలిపి 5,04,200. కాబట్టి 5,000. పన్ను 670, ఫీజు ఐదు వేలు!

వెరిఫికేషన్‌కు ఆధార్ ఓటీపీ సులువు. కానీ అది ఆధార్‌కు లింకైన నంబర్‌కే వస్తుంది. వాడి ఆధార్ పదో తరగతిలో తీయించింది, నంబర్ బాపుది. బాపు పరకాల దగ్గర పత్తి చేనులో ఉన్నాడు.

"బాపూ, మెసేజ్ వచ్చిందా?"

"ఏదో వచ్చింది బిడ్డా, ఇంగ్లిష్‌ల ఉన్నది."

"అంకెలు చదువు."

కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయట. పక్క చేను పిల్లగాడు వచ్చి చదివేసరికి పన్నెండు నిమిషాలు. ఓటీపీ పదిహేను నిమిషాలే పనిచేస్తుంది. ఎట్లనో అట్ల పడింది.

మీకు అంత అదృష్టం లేకపోతే, పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసిన బ్యాంకు ఖాతా ద్వారా ఈవీసీ అనే వెరిఫికేషన్ కోడ్ తెప్పించుకోవచ్చు. నెట్ బ్యాంకింగ్ నుంచీ చేయొచ్చు. ఏదీ కుదరకపోతే ఐటీఆర్-V అనే రసీదు ఫారం ప్రింట్ తీసి, సంతకం పెట్టి, రిటర్న్‌లు పరిశీలించే బెంగళూరు సీపీసీకి అదే 30 రోజుల్లో చేరేలా స్పీడ్ పోస్ట్ చేయాలి.

[స్క్రీన్ మీద: e-File > Income Tax Returns > View Filed Returns]

అయిందో లేదో ఇక్కడ చూడండి. రిటర్న్ పక్కన వెరిఫై అయినట్టు తేదీతో సహా కనిపించాలి. ఇంకా e-Verify బటన్ కనిపిస్తుంటే పని మిగిలే ఉంది. మావాడు ఆ స్క్రీన్‌షాట్ తీసి బాపుకే పంపాడు. ఆయనది బటన్ల ఫోన్ అని మరిచిపోయి.