చూసినవాళ్లు చేయగలిగింది: ఆఫీసులో వేధింపులు, సాక్ష్యం

అందరికీ నమస్కారం. పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి మాట్లాడేటప్పుడు బాధితురాలు ఏం చేయాలో, యాజమాన్యం ఏం చేయాలో చాలామంది చెబుతారు. ఈ పూట నేను పక్క సీటులో కూర్చున్న మనిషి గురించి మాట్లాడతాను. జరిగింది కళ్లారా చూసిన ఆ తోటి ఉద్యోగి సాయం చేయబోయి ఆమె కేసునే బలహీనపరిచే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలభై మంది పనిచేసే ఒక ప్రైవేటు ఆఫీసు, అకౌంట్స్ విభాగం, నెలాఖరు. సాయంత్రం 7 దాటింది. మేనేజరు ఆమె కుర్చీ వెనక నిలబడి, స్క్రీన్ చూస్తున్నట్టు వంగి భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె కుర్చీ పక్కకు జరుపుకుంది. "అంత బిగుసుకుపోతే ఎలా?" అంటూ ఆయన మళ్లీ చెయ్యి వేశాడు. మీరు నాలుగడుగుల దూరంలో ప్రింటర్ దగ్గర ఉన్నారు.

ఆ క్షణంలో మీ పని ఆ చెయ్యి తీయించడం, అదీ గొడవ లేకుండా. "మేడం, బ్యాంకు వోచర్ల ఫైలు ఒకసారి చూపిస్తారా?" అంటూ దగ్గరికి వెళ్లి, ఆమె లేచేదాకా అక్కడే నిలబడండి. అక్కడికక్కడే మేనేజరును నిలదీయాలని ఎంత అనిపించినా ఆగండి. మీరు అరిస్తే రేపు అది మీకూ ఆయనకూ మధ్య తగాదాగా మారుతుంది. విచారణలో ఆయన మొదట చెప్పేది కూడా "ఈ సాక్షికి నా మీద కోపం" అనే. ఆమె ఒంటికే ప్రమాదం వచ్చేలా ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. నలుగురినీ పిలవండి, 112కు ఫోన్ చేయండి.

తర్వాత ఆ రోజే, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి. "నేను ప్రింటర్ దగ్గర నుంచి చూశాను. ఇప్పుడెలా ఉన్నారు? ఏం చేయాలో మీరే చెప్పండి" అంటే చాలు. "మీరెందుకు ఊరుకున్నారు?" అన్న ప్రశ్న మాత్రం వద్దు, అది తప్పును ఆమె మీదికే నెడుతుంది. ఆమెను అడగకుండా హెచ్‌ఆర్‌కు చెప్పడం, టీం వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా సాయం కాదు. ఆమె సిద్ధపడకముందే విషయం ఆయన చెవిన పడితే, ఆయన తన కథ ముందే అల్లుకుంటాడు.

సాక్ష్యం చెబుతానని మాటిచ్చే ముందు ఒక్క విషయం తెలుసుకోండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద ఉన్న నియమాల ప్రకారం, ఆఫీసులో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీకి ఫిర్యాదుతోపాటు సాక్షుల పేర్లు, చిరునామాలు ఇవ్వాలి. కమిటీ ఆ ఫిర్యాదు ప్రతిని 7 పనిదినాల్లో మేనేజరుకు పంపుతుంది. అంటే మీ పేరు ఆయనకు తెలుస్తుంది. రహస్యంగా సాక్ష్యం చెప్పొచ్చనుకుని ముందుకొచ్చి, పేరు బయటపడ్డాక "నాకేమీ గుర్తులేదు" అని తప్పుకుంటే, మొదటి నుంచీ సాక్షి లేకపోవడం కంటే అది ఆమెకు ఎక్కువ నష్టం. కాబట్టి ఇంటికి వెళ్లి ఒక రాత్రి ఆలోచించండి. సిద్ధమైతే, "నేను చూసింది చూసినట్టు చెబుతాను, నా పేరు రాసుకోండి. అంతకు మించి ఒక్క మాటా కలపను" అని చెప్పండి. సిద్ధంగా లేకపోతే అదీ వెంటనే చెప్పండి, ఆమె వేరే ఆధారం వెతుక్కుంటుంది. "నేనున్నాగా, ఏమీ కాదు" అని మాత్రం అనకండి. ఏమీ కాకుండా చూడటం మీ చేతిలో లేదు.

మాటివ్వడం సంగతి తర్వాత తేల్చుకున్నా, చూసింది మాత్రం ఆ రాత్రే కాగితం మీద పెట్టండి. తేదీ, సమయం, మీరు నిలబడ్డ చోటు, దూరం, లైట్లు వెలుగుతున్నాయా, ఇంకెవరున్నారు, అన్నీ రాయాలి. కళ్లతో చూసింది ఒకచోట, చెవులతో విన్నది ఇంకోచోట, తర్వాత ఆమె మీతో చెప్పింది వేరేచోట ఉండాలి. "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాస్తే అది మీ అభిప్రాయం. "కుడి చెయ్యి ఆమె ఎడమ భుజం మీద వేశాడు, ఆమె కుర్చీ జరుపుకుంది, మళ్లీ వేశాడు" అంటే అది సాక్ష్యం. ఆయన మాటలు ఆయన అన్న భాషలోనే రాయండి. మీకు కనిపించనిదీ రాయండి: "ఆయన వీపు నాకు అడ్డం, ఎడమ చెయ్యి ఎక్కడుందో కనిపించలేదు." ఈ ఒక్క వాక్యం మిగతా వాక్యాలన్నిటికీ బలం. ఆ తర్వాత పాంట్రీలో ఆమె చేతులు వణుకుతుంటే అదీ రాయండి. ఘటన వెంటనే ఆమె ఎలా ఉందన్నది కమిటీకి పనికొచ్చే విషయం.

కింద సంతకం, తేదీ పెట్టండి. ఫొటో తీసి మీ సొంత మెయిల్‌కు పంపుకుంటే ఎప్పుడు రాశారో తేలుతుంది. ఆఫీసు ఫైళ్లు, ఆఫీసు మెయిళ్లు మాత్రం బయటికి పంపకండి, దాన్ని పట్టుకుని మీ మీదే చర్య తీసుకునే వీలుంటుంది. తర్వాత ఏదైనా గుర్తొస్తే పాత కాగితం దిద్దకుండా, కొత్త తేదీతో విడిగా రాయండి.

మంచి ఉద్దేశంతోనే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇద్దరూ కూర్చుని కాగితాలు సరిచూసుకుంటారు. అప్పుడు ఇద్దరి వాంగ్మూలాల్లోనూ ఒకే వాక్యాలు వస్తాయి, నేర్పించిన సాక్ష్యమన్న అనుమానం పుడుతుంది. ఆమె 7.20 అని, మీరు 7.30 అని చెబితే నష్టం లేదు. ఒకే ఘటన చూసిన ఇద్దరికి అంత తేడా సహజం. మీ కాగితం ఆమెకు చూపించకండి, ఆమె ఫిర్యాదు మీరు చదవకండి.

గడువు మాత్రం ఆమెకు గుర్తుచేయండి. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలల వరకు పెంచవచ్చు. సీసీటీవీకి అంత ఓపిక ఉండదు. డిస్కు నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కుతుంది కాబట్టి, దాన్ని భద్రపరచమని ఆమె కమిటీని త్వరగా కోరాలి. ఆమె ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే, ఆమె రాతపూర్వక అనుమతితో విషయం తెలిసిన తోటి ఉద్యోగి కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ అనుమతి లేకుండా వద్దు.

కమిటీ ముందు మీకు ఎదురయ్యేది కోర్టు కాదు. కమిటీని నడిపే ప్రిసైడింగ్ ఆఫీసరుతో కలిపి కనీసం ముగ్గురు సభ్యులుంటారు, ఏ పక్షానికీ లాయరు ఉండడు. అయినా ప్రమాణం చేయించి అడిగే అధికారం వాళ్లకుంది. అడిగినదానికే జవాబు చెప్పండి. "ఆయన ఎలాంటివాడు?" అని అడిగితే, మీరు చూసిన ఘటనలే చెప్పండి. ఆయన తరఫు ప్రశ్నలు కాగితం మీద కూడా రావచ్చు, వాటికీ ఇదే పద్ధతి. గుర్తులేనిది గుర్తులేదనండి. ఆమె గెలవాలన్న ఆరాటంతో ఒక్క అబద్ధం కలిపినా, తెలిసి తప్పుడు సాక్ష్యం ఇచ్చిన సాక్షి మీద చర్యకు చట్టంలో 14వ సెక్షన్ ఉంది. దానికంటే పెద్ద నష్టం ఏమిటంటే, మీరు చెప్పిన నిజాలన్నీ ఆ ఒక్క అబద్ధంతో కొట్టుకుపోతాయి. వాంగ్మూలం పూర్తిగా చదివాకే సంతకం చేయండి. మీరు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాస్తే, చదివి వినిపించమని, తప్పుంటే దిద్దమని అడగండి. బయటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడకండి. ఆమె పేరు, ఆయన పేరు, మీ పేరు మూడూ బయటివాళ్లకు తెలియకుండా గోప్యంగా ఉండాలని చట్టమే చెబుతోంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఒక లోటు. విచారణ సాగినంతకాలం ఆమె పనితీరును ఆయన అంచనా వేయకుండా కమిటీ సిఫారసు చేయవచ్చని నియమాల్లో ఉంది. సాక్షి గురించి అలాంటి స్పష్టమైన మాట లేదు. మీ అప్రైజల్ ఆయన చేతిలోనే ఉంటే ఆ రక్షణ మీరే అడిగి తెచ్చుకోవాలి. వాంగ్మూలం ఇచ్చే రోజునే కమిటీకి ఒక కాగితం ఇవ్వండి: "నేను ఈ విచారణలో సాక్షిని. ప్రతివాదే నా పై అధికారి. విచారణ ముగిసేవరకు నా అప్రైజల్, సెలవుల మంజూరు వేరే అధికారికి అప్పగించాలని యాజమాన్యానికి సిఫారసు చేయమని కోరుతున్నాను." ముట్టినట్టు సంతకం చేయించుకున్న ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పాత రేటింగులు, షిఫ్టు వివరాలు తేదీలతో సహా ఇంట్లో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత ఉన్నట్టుండి మీ రేటింగు పడిపోతే, దేనితో పోల్చి చూపాలో అప్పుడు మీ దగ్గర ఉంటుంది.