పాస్‌బుక్‌లో వడ్డీ పడని మూడో గడి

(మహబూబ్‌నగర్‌లో, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీ యువకుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

జడ్చర్ల పక్కనున్న పోలేపల్లి ఫ్యాక్టరీల్లో చేరి ఈ మధ్యనే మొదటి జీతం అందుకున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకని నిర్వచనాలతో కాకుండా ఒక జీతం చీటీతో మొదలుపెడతాను. బేసిక్, డీఏ కలిపి నెలకు సరిగ్గా 15,000 రూపాయలు వచ్చే 23 ఏళ్ల అమ్మాయి చీటీ అది అనుకుందాం. పీఎఫ్ కింద ఆమె జీతంలోంచి 12 శాతం, అంటే 1,800 రూపాయలు కోత పడతాయి. యజమాని తన వంతుగా మరో 1,800 వేస్తాడు. అయితే ఆమె పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే అందులో రెండు కాదు, మూడు గడులు కనిపిస్తాయి: ఉద్యోగి వాటా 1,800, యజమాని వాటా 550, పెన్షన్ చందా 1,250. సంవత్సరాంతంలో మొదటి రెండు గడులకు వడ్డీ జమవుతుంది, మూడో గడికి ఒక్క రూపాయి కూడా కలవదు. అది చూసి కంపెనీ ఎగ్గొట్టిందేమోనని కంగారుపడి నన్ను అడిగిన పిల్లలు చాలామంది ఉన్నారు. నిజానికి ఎవరూ ఎగ్గొట్టలేదు. మొదటి రెండు గడుల్లో ఉన్నది ఆమె డబ్బు; మూడో గడిలో ఉన్నది ఆమెకు ఇచ్చిన మాటకు గుర్తు. ఈ రెండింటి మధ్య తేడాయే ఈ రోజు నేను చెప్పదలచినది.

ముందు మాట మీద నడిచే పెన్షన్ సంగతి చూద్దాం. మీ ఇంట్లో నాయనమ్మకు చేయూత పెన్షన్ వస్తూ ఉండవచ్చు. 2014లో ఆసరా పేరుతో నెలకు 1,000 రూపాయలతో మొదలైన ఆ పెన్షన్ 2019లో 2,016 అయింది. ఆమె పేరున ఎక్కడా ఏ ఖాతాలోనూ డబ్బు దాచి లేదు, ఆమె ఏనాడూ చందా కట్టలేదు. ఈ ఏడు రాష్ట్రానికి వచ్చే పన్నుల్లోంచి ఈ ఏటి పెన్షన్ ఇస్తారు, వచ్చే ఏటిది వచ్చే ఏటి పన్నుల్లోంచి వస్తుంది. నా సంగతి కూడా అంతే. నేను ఖజానా శాఖలో పనిచేసి విరమించినవాణ్ని, 2004కు ముందు చేరాను కనుక పాత పెన్షన్ తీసుకుంటున్నాను. ఉద్యోగంలో ఉండగా జీపీఎఫ్ కింద నా జీతంలో కోసిన సొమ్ము నా పొదుపు, అది వడ్డీతో సహా విరమణ రోజునే నా చేతికి వచ్చేసింది. పెన్షన్ కోసం మాత్రం నా దగ్గర ఎవరూ పైసా కోయలేదు. ఇవాళ నాకు పెన్షన్ ఇస్తున్నది ఇవాళ పన్ను కడుతున్నవాళ్లే, అంటే మీరే. ఈ మాట చెప్పడానికి నాకు కొంచెం మొహమాటంగానే ఉంది, కానీ దాచాల్సిన విషయం కాదు.

ఏ ఏటి వసూళ్లు ఆ ఏటి పెన్షన్లకు పోయే ఈ పద్ధతి పన్నులతో నడవవచ్చు, అమెరికాలో లాగా జీతాల మీద వేసే చందాతోనూ నడవవచ్చు. దాని లెక్క చాలా సులువు. ఒక ఊళ్లో పనిచేసేవాళ్లు 100 మంది, పెన్షన్ తీసుకునే పెద్దలు 20 మంది ఉన్నారనుకోండి. సగటు జీతంలో సగం పెన్షన్‌గా ఇవ్వాలంటే పనిచేసే ప్రతి ఒక్కరూ జీతంలో 10 శాతం ఇస్తే సరిపోతుంది. పెద్దలు 40 మంది అయిననాడు అదే పెన్షన్‌కు 20 శాతం ఇవ్వాలి, లేదా చందా పెంచకుండా పెన్షన్‌ను సగానికి తగ్గించాలి, లేదా విరమణ వయసును వెనక్కి జరపాలి. నాలుగో దారి అప్పు, కానీ అది కూడా తర్వాతి వాళ్ల చందాయే.

ఈ పద్ధతి కొత్తలో ఎంత తియ్యగా ఉంటుందో చెప్పడానికి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఐడా మే ఫుల్లర్ కథ చాలు. అమెరికా ప్రభుత్వ పెన్షన్‌లో మొదటి నెలవారీ చెక్కు 1940 జనవరిలో ఆమెకే వచ్చింది. అంతకుముందు మూడేళ్లలో ఆమె కట్టిన చందా మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. మొదటి చెక్కే 22 డాలర్ల 54 సెంట్లు. ఆమె నూరేళ్లు బతికి, మొత్తం 22,888 డాలర్ల 92 సెంట్లు అందుకుంది. ఇందులో మోసమేమీ లేదు. చందా కట్టేవాళ్లు కోట్లలో ఉండి, తీసుకునేవాళ్లు ఇంకా కొద్దిమందే ఉన్న కాలం అది. పనిచేసేవాళ్ల సంఖ్య ఎంత వేగంగా పెరిగితే ఈ పద్ధతిలో అంత వడ్డీ వచ్చినట్టు అని ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1958లో చూపించాడు. మన తెలంగాణలో ఒక స్త్రీకి కలిగే పిల్లల సగటు ఇప్పుడు రెండుకు తక్కువే; 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అది 1.8. నా తరానికి దొరికిన వడ్డీ మీ తరానికి దొరుకుతుందని నేను చెప్పలేను.

ఇక మొదటి రెండు గడులు. ఇక్కడ ఎవరి డబ్బు వారిది. మన అమ్మాయి ఖాతాలో నెలకు 1,800, 550 కలిపి 2,350 రూపాయలు చేరతాయి. ఆమె 58 ఏళ్ల దాకా, అంటే 35 ఏళ్లు, అదే జీతం మీద పనిచేసిందనుకుందాం. జీతం పెరగకపోవడం నిజం కాదు, కానీ లెక్క తేలిగ్గా ఉంటుందని అలా పెడుతున్నాను. చేరిన అసలు 9 లక్షల 87 వేలు. ఏటా 8 శాతం వడ్డీ వస్తే చివరికి ఖాతాలో ఉండేది దాదాపు 50 లక్షలు. 2024-25కు ప్రకటించిన వడ్డీ 8.25 శాతం కనుక ఇది గాలిలో మేడ కాదు. వడ్డీ 7 శాతమే వచ్చిందనుకోండి, మొత్తం 40 లక్షలకు పడిపోతుంది. ఒక్క శాతం తేడా ఆమె జీవితమంతా కట్టిన అసలును మింగేసింది. పొదుపు ఖాతాలో ఆ దెబ్బ తగిలేది ఆమె ఒక్కదానికే, పంచుకునేవారు ఎవరూ లేరు.

50 లక్షలు అనగానే మీ కళ్లు మెరిశాయి, అందుకే రెండో లెక్క కూడా చెప్పాలి. ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగితే 35 ఏళ్ల తర్వాతి 50 లక్షలతో కొనగలిగేది ఇవాళ 9 లక్షలతో కొనగలిగినంతే. విరమించాక వచ్చే వడ్డీ ధరల పెరుగుదలకే సరిపోతుందని పెట్టుకుని, ఇవాళ్టి విలువలో నెలకు 10,000 చొప్పున వాడుకుంటూ పోతే ఆ సొమ్ము 90 నెలలు, అంటే ఏడున్నరేళ్లు వస్తుంది. అప్పటికి ఆమెకు 65 దాటుతాయి. తొంభై ఏళ్లు బతికితే ఎట్లా అన్న ప్రశ్నకు పొదుపు ఖాతా దగ్గర జవాబు లేదు. నాగార్జునసాగర్ కాలువ కింద సేద్యం చేసేవాడు పైనుంచి నీళ్లు వస్తాయా అని చూస్తాడు, గరిసెలో గింజలు పోసుకున్నవాడు ఎన్నాళ్లు వస్తాయా అని చూస్తాడు. భయం ఇద్దరికీ ఉంది, ఒకే భయం కాదు.

ఎన్నాళ్లు బతుకుతామో తెలియకపోవడమన్న చిక్కు కోసమే, 2004 సెప్టెంబరు 1 నుంచి మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగులకు అమలైన చందా పెన్షన్ పథకం సీపీఎస్‌లో ఒక నిబంధన ఉంది. ఆ తేదీ నుంచి చేరిన ఉపాధ్యాయులు విరమించేటప్పుడు, పోగైన సొమ్ములో కనీసం 40 శాతంతో బీమా సంస్థ దగ్గర జీవితాంతం వచ్చే పెన్షన్‌ను కొనుక్కోవాలి. ఆ పెన్షన్ ఎంతన్నది ఆ నాటి మార్కెట్ రేటును బట్టి ఉంటుంది. అదే స్టాఫ్‌రూంలో పక్క కుర్చీలో కూర్చున్న పాత ఉపాధ్యాయుడికి మాత్రం చివరి జీతంలో సగం, దాని మీద కరువు భత్యం వస్తాయి. ఒకరికి ఖాతాలో ఎంత ఉందో తెలుసు, పెన్షన్ ఎంతో తెలియదు. మరొకరికి పెన్షన్ ఎంతో తెలుసు, ఖాతాయే లేదు.

ఇప్పుడు మూడో గడికి వద్దాం. అందులోని 1,250 ఈపీఎస్ అనే ఉమ్మడి నిధికి పోతుంది. ఈ పథకం 1995 నవంబరులో వచ్చింది. ఇది నాయనమ్మ పెన్షన్ లాగా పూర్తిగా ఏ ఏటికి ఆ ఏడు నడిచేది కాదు, వెనక నిధి ఉంది. కానీ ఆ నిధిలో మీకంటూ వేరే ఖాతా లేదు. ఇచ్చేది సూత్రం ప్రకారం: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. ఇవాళ్టి నిబంధనల్లో జీతాన్ని 15,000 వరకే లెక్కిస్తారు. ఇరవై ఏళ్లు నిండిన సర్వీసుకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. మన అమ్మాయి 35 ఏళ్లు 37 అవుతాయి, పెన్షన్ 7,928 రూపాయలు. వడ్డీ రేటు ఎంత పడిపోయినా ఈ అంకె మారదు, ఆమె ఎంతకాలం బతికితే అంతకాలం వస్తుంది. ఒక్క నెల చందా కట్టి ఉద్యోగంలో ఉండగానే చనిపోయినా భర్తకు పెన్షన్ వస్తుంది. ఒక్క నెల పొదుపు ఖాతాలో అయితే 2,350 మాత్రమే ఉండేది. దీని లోపం కూడా చిన్నది కాదు: ధరలు పెరిగినా ఈ పెన్షన్ తనంతట తాను పెరగదు.

ఉమ్మడి నిధిలో మీ హక్కును కొలిచేది డబ్బు కాదు, సర్వీసు. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. కనీసం పదేళ్లు నిండకపోతే నెలవారీ పెన్షనే లేదు. మన అమ్మాయి పోలేపల్లిలో ఆరేళ్లు, చౌటుప్పల్‌లో ఆరేళ్లు చేసి, మారిన ప్రతిసారీ ఫారం 10సీ పెట్టి పెన్షన్ సొమ్ము తీసేసుకుందనుకోండి. చేతికి వచ్చేది కట్టినదానికి కాస్త అటూఇటూ, పోయేది పన్నెండేళ్ల సర్వీసు. మిగిలిన 23 ఏళ్లకు రెండు కలిపి 25తో లెక్కిస్తే పెన్షన్ 5,357. నెలకు 2,571 రూపాయలు జీవితాంతం తగ్గాయి. పెళ్లికో బండికో పీఎఫ్ తీసినవాళ్లను నేను తప్పుపట్టను, అది వాళ్ల సొంత గరిసె. కానీ ఆ కాగితాలతో పాటు 10సీ కూడా నింపే అలవాటు ఊరూరా ఉంది, నింపి పెట్టేవాడికి ఆ తేడా పట్టదు.

కాబట్టి కంపెనీ మారినప్పుడు యూఏఎన్ అనే మీ పాత పీఎఫ్ నంబరునే కొత్త యజమానికి ఇచ్చి, పాత ఖాతాను బదిలీ చేయించుకోండి. బదిలీ ఆగిపోతే ముందుగా చూడాల్సింది పాత కంపెనీ మీ నిష్క్రమణ తేదీని నమోదు చేసిందా లేదా అని. చేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. మొదటి ఉద్యోగంలోనే బేసిక్, డీఏ కలిపి 15,000 దాటినవాళ్లకు 2014 సెప్టెంబరు నుంచి ఈపీఎస్ లేదు. వాళ్ల యజమాని వాటా మొత్తం రెండో గడిలోకే రావాలి, మూడో గడి సున్నా ఉండాలి. అలా లేకుంటే ఇప్పుడే అడగండి, పాతికేళ్ల తర్వాత ఆ లెక్క సరిదిద్దేవాళ్లు దొరకరు. ఫోన్లు బయటికి తీసి పాస్‌బుక్ తెరవండి, మూడో గడి దగ్గర ఎవరికి ఏముందో ఒక్కొక్కరిది చూద్దాం.