పుట్ ఆఫ్ అంటే వాయిదా ఒక్కటే కాదు

తమ్ముడు: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో నాతో మా అక్క ఉంది. పదిహేనేళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్, పోటీ పరీక్షల ఇంగ్లిష్ చెప్తోంది. ఇవాళ మాట్లాడేది ఇడియమ్స్ గురించి, క్రియ వెనక చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఫ్రేజల్ వెర్బ్స్ గురించి. ముందు నాకు జరిగిన విషయం ఒకటి చెప్తాను. రెండేళ్ల కిందట మా టీమ్ లండన్‌లో ఉన్న ఒక క్లయింట్ కోసం బుకింగ్ యాప్ చేస్తోంది. ఒకరోజు వాళ్ల దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. "సమ్ యూజర్స్ వర్ పుట్ ఆఫ్ బై ద న్యూ స్క్రీన్" అని. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం అని నాకు ఇంటర్ నుంచీ నోటికి వచ్చు. అంటే కొందరు ఇప్పుడు కాదు, తర్వాత బుక్ చేసుకుందాంలే అనుకున్నారు, అంతే కదా అనుకుని, వాళ్లకి గుర్తుచేసే మెసేజ్‌లు పంపే ఏర్పాటు చేస్తామని జవాబిచ్చాను. దాని మీద రెండు రోజులు పని కూడా చేశాం. తర్వాత కాల్‌లో తెలిసింది, ఆ స్క్రీన్ చూసి జనం విసుగు పుట్టి వెళ్లిపోయారట. వాళ్లు మార్చమన్నది స్క్రీన్‌ని. నాకు చాలా బాధేసింది అక్కా, ఎందుకంటే ఆ వాక్యంలో నాకు తెలియని మాట ఒక్కటి కూడా లేదు.

అక్క: అసలు ఇబ్బంది అదేరా. తెలియని మాట కనిపిస్తే ఎవరైనా ఆగి డిక్షనరీ చూస్తారు. పుట్ తెలుసు, ఆఫ్ తెలుసు, రెండూ తెలిసినవే కాబట్టి ఎక్కడా ఆగకుండా చదివేసుకుంటూ పోతాం, తప్పు చదివామన్న అనుమానం కూడా రాదు. కష్టమైన పెద్ద పెద్ద మాటల దగ్గర మా పిల్లలు ఇంత మోసపోరు, ఇలాంటి చిన్న మాటల దగ్గరే మోసపోతారు.

తమ్ముడు: మరి భాగాలు తెలిసినప్పుడు మొత్తం ఎందుకు తెలియదు? పుట్ అంటే పెట్టడం. ఆఫ్ అంటే దూరంగా, విడిగా. ఈ రెండూ కలిస్తే ఏదో ఒకటి రావాలి కదా?

అక్క: సరే, ఇంగ్లిష్ పక్కన పెట్టు. మన "పెట్టు" తీసుకుందాం. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న ఒకాయన ఉన్నాడనుకో. ఆయనకి "కను" అంటే చూడటం అని తెలుసు, "పెట్టు" తెలుసు. "కనిపెట్టు" అంటే ఏమిటో చెప్పగలడా?

తమ్ముడు: చూసి పెట్టడం అనుకుంటాడు.

అక్క: అనుకుంటాడు. "మా కోసం ఒక సంబంధం చూసిపెట్టండి" అన్నట్టు ఏదో సాయం అనుకుంటాడు. కొత్త విషయాన్ని కనుక్కోవడం అన్న అర్థం ఆయనకి ఎవరో చెప్తే తప్ప రాదు. ఇంకా చూడు, మొదలుపెట్టు, భయపెట్టు, వదిలిపెట్టు. వదిలిపెట్టడంలో అయితే ఎక్కడా ఏదీ పెట్టడం లేదు, ఉన్నదాన్ని విడిచేయడమే ఉంది. మనకి ఇవేవీ వింతగా అనిపించవు, ఎందుకంటే మనం వీటిని ముక్కలుగా నేర్చుకోలేదు, చిన్నప్పుడే ఒక్కొక్కటీ ఒక్క మాటగా విన్నాం. ఇంగ్లిష్ వాళ్లకి పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్ కూడా అంతే. మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు కాబట్టి మనకి రెండు మూడు మాటల్లా కనిపిస్తాయి, వాళ్ల బుర్రలో మాత్రం ఒక్కటే మాట.

తమ్ముడు: అయితే పోస్ట్‌పోన్ లాంటి ఒకే మాట తేలిక అన్నమాట.

అక్క: ఆ మాట లోపల ఏముందో తెలుసా? లాటిన్‌లో "పోస్ట్" అంటే తర్వాత, "పోనెరె" అంటే పెట్టడం. తర్వాత పెట్టడం! అంటే పోస్ట్‌పోన్ కూడా ఒకప్పుడు పుట్ ఆఫ్ లాంటి కూర్పే. ముక్కలు అతుక్కుపోయి లోపలిది మనకి కనపడటం మానేసింది కాబట్టి దాన్ని ఊహించే ప్రయత్నం చేయం, నేరుగా అర్థం నేర్చుకుంటాం. పుట్ ఆఫ్‌లో ముక్కలు బయటికి కనపడుతున్నాయి కాబట్టి ఊహకి ఆశపడతాం. ఇది ఇవాళ్టి బాధ కూడా కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన డిక్షనరీ ముందుమాటలోనే రాశాడు, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చేయడం ఇంగ్లిష్‌లో బాగా ఎక్కువ, పరదేశీయులకి అన్నిటికంటే కష్టం ఇక్కడే అని.

తమ్ముడు: కానీ అక్కా, కొన్నిటికి ఊహ పనిచేస్తుంది కదా. ఈట్ అప్, యూజ్ అప్... "అప్" ఉంటే పూర్తిగా అయిపోయేదాకా అని మా సార్ చెప్పారు. నిజమే కదా?

అక్క: నిజమే, కానీ ఒకసారి తెలిశాక గుర్తుపెట్టుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఎలాగంటే, పుట్ ఆఫ్‌కి వాయిదా అని తెలిశాక, పనిని ఇవాళ్టి నుంచి దూరంగా జరిపాడు అని చెప్పుకోవచ్చు, విసుగు పుట్టించడం అని తెలిశాక, మనిషిని ఆ వస్తువుకి దూరంగా నెట్టింది అని చెప్పుకోవచ్చు. రెండూ బాగానే కుదురుతాయి. కానీ తెలియకముందు "దూరంగా" అన్న ఆ ఒక్క సూచన పట్టుకుని రెండిట్లో ఏదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. "అప్" కూడా అంతే, "కెన్ యూ పుట్ మీ అప్ టునైట్" అంటే ఈ రాత్రికి మీ ఇంట్లో ఉండనిస్తారా అని. పూర్తిగా అన్న అర్థం అక్కడ ఎక్కడుంది?

తమ్ముడు: మరి ఆ రోజు మెయిల్‌లో నేను ఎలా పట్టుకోవాల్సింది?

అక్క: పక్కన ఎవరున్నారో చూడాలి. ఇదొక్కటీ సరిగ్గా అర్థమైతే చాలు. మళ్లీ తెలుగులోనే చూద్దాం. "పాపకి టోపీ పెట్టాడు" అన్నాననుకో, నీకేమనిపిస్తుంది?

తమ్ముడు: చలికి టోపీ పెట్టాడు.

అక్క: "బ్యాంకుకి టోపీ పెట్టాడు."

తమ్ముడు: అప్పు ఎగ్గొట్టాడు. మోసం చేశాడు.

అక్క: అవే మాటలు. నువ్వు టోపీ వైపు చూడలేదు, ఎవరికి పెట్టాడో చూశావు. బ్యాంకుకి తల ఉండదు కాబట్టి రెండో అర్థానికి వెళ్లిపోయావు, అదీ తెలియకుండానే. పుట్ ఆఫ్ కూడా అంతే. మీటింగో, పెళ్లో, ప్రయాణమో, ఏదో ఒక పని దాని పక్కన ఉంటే వాయిదా. "దే పుట్ ఆఫ్ ద మీటింగ్." మనిషి పక్కన ఉంటే చాలావరకు వాయిదా కాదు, ఆ మనిషికి ఇష్టం పోవడం. "ద స్మెల్ పుట్ మీ ఆఫ్" అంటే ఆ వాసనకి తినబుద్ధి కాలేదు అని. నీ మెయిల్‌లో ఎవరున్నారు?

తమ్ముడు: యూజర్స్. మనుషులు. పైగా "బై ద న్యూ స్క్రీన్" అని కారణం కూడా ఉంది.

అక్క: వాళ్లు వాయిదా వేశారు అని చెప్పాలంటే "యూజర్స్ పుట్ ఆఫ్ బుకింగ్" అని ఉండేది. అక్కడ "వర్ పుట్ ఆఫ్" అని ఉంది, అంటే పుట్ ఆఫ్ అయింది మనుషులే. "చాలావరకు" అని ఎందుకన్నానంటే, ఇంటికి రావాల్సిన అతిథిని ఇప్పుడు వద్దు, తర్వాత రమ్మనడానికి కూడా మనిషిని పెట్టి పుట్ ఆఫ్ వాడతారు. అది తక్కువ, కానీ ఉంది.

తమ్ముడు: ఇడియమ్స్‌కి కూడా ఇదే లెక్కా?

అక్క: పక్కవాళ్లని చూడటం అక్కడా పనికొస్తుంది. దాంతో పాటు, ఇడియమ్‌ని ఎంత కదిలించొచ్చో కూడా తెలియాలి. "నీలం రంగు టోపీ పెట్టాడు" అంటే మోసం అర్థం అప్పుడే పోయి నిజం టోపీ మిగులుతుంది. "కిక్ ద బకెట్" అంటే చనిపోవడం, దాన్ని "ద బకెట్ వాజ్ కిక్డ్" అని తిప్పితే ఎవరో బకెట్‌ని తన్నారనే అర్థం వస్తుంది. అదే "స్పిల్ ద బీన్స్", రహస్యం బయటపెట్టడం, దాన్ని "ద బీన్స్ వర్ స్పిల్డ్" అని తిప్పినా నిలబడుతుంది, ఎందుకంటే అందులో బీన్స్‌ని రహస్యం అనుకోవచ్చు, బకెట్‌ని ఏమీ అనుకోలేం. అందుకే ఇడియమ్ ఎలా విన్నావో అలాగే వాడమంటాను, తిప్పి వాడటం ఎక్కడైనా కనపడేదాకా తిప్పొద్దంటాను.

తమ్ముడు: ఇక చదవడం సంగతి. మేమంతా లిస్టులు బట్టీ పట్టినవాళ్లమే. పుట్ ఆఫ్, పుట్ ఆన్, పుట్ అవుట్, పుట్ అప్, పుట్ డౌన్, ఒకే పేజీలో ఒకే రోజు.

అక్క: ఆ పేజీయే ముంచుతుంది. ఒకేలా కనిపించేవి ఒకేసారి నేర్చుకుంటే ఒకదాని అర్థం ఇంకోదానికి అతుక్కుంటుంది. పరీక్షలో పిల్లలు పుట్ అవుట్‌కి వాయిదా అని రాసేది అందుకే. నేనైతే పుట్ కుటుంబంలోంచి వారానికి ఒకటి కంటే ఎక్కువ ఇవ్వను, మిగతావి వేరే క్రియలవి ఇస్తాను, మొత్తం ఐదారు. తక్కువ అనిపించొచ్చు. కానీ 2015లో ఇద్దరు పరిశోధకులు బాగా ఎక్కువగా వాడే 150 ఫ్రేజల్ వెర్బ్స్ ఏరి, వాటికి ముఖ్యమైన అర్థాలు 288 అని తేల్చారు. ఒక్కోదానికి సుమారు రెండు అర్థాలు. వారానికి ఆరు అర్థాలు చొప్పున ఏడాదిలో అయిపోతాయి.

తమ్ముడు: గుర్తుండటానికి ఒక్కోదానికి ఒక కార్డు రాసుకోవాలంటే, దాని మీద ఏం రాయాలి?

అక్క: "పుట్ ఆఫ్ ఈజ్ ఈక్వల్ టు వాయిదా" అని మాత్రం రాయకు. నువ్వు దాన్ని ఎక్కడ చూశావో ఆ వాక్యం మొత్తం రాసి, ఫ్రేజల్ వెర్బ్ ఉన్నచోట ఖాళీ వదులు. వెనక వైపు జవాబు, దాని కింద "ఇట్" పెట్టి ఇంకో వాక్యం, "వి పుట్ ఇట్ ఆఫ్" అని. "పుట్ ఆఫ్ ఇట్" అనకూడదు కదా, ఇట్, హిమ్, దెమ్ లాంటివి మధ్యలోకి రావాలి. కానీ పుట్ అప్ విత్, అంటే భరించడం, అందులో మధ్యలోకి ఏదీ రాదు, "ఐ కాంట్ పుట్ అప్ విత్ ఇట్" అనాల్సిందే. ఇది నియమంగా చదివితే మర్చిపోతావు, వాక్యంగా నోటికి వస్తే మర్చిపోవు. రెండో అర్థానికి వేరే కార్డు, వేరే రోజు. మర్నాడు ఒకసారి, మూడు రోజులకి, వారానికి, నెలకి తీసి చూసుకో. జవాబు పైకి చెప్పాకే కార్డు తిప్పు.

తమ్ముడు: డిక్షనరీలో పక్కన ఎవరుంటారో ఇస్తారా?

అక్క: ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన డిక్షనరీల్లో ఇస్తారు, కానీ మనవాళ్లు ఎవరూ దాన్ని చదవరు. పుట్, ఆఫ్ మధ్యలో సమ్‌బడీ అనో, పొట్టిగా ఎస్ బి అనో ఉంటే మనిషి. సమ్‌థింగ్ అని ఉంటే వస్తువో పనో. కొన్నిట్లో రెండు వైపులా మొన ఉన్న బాణం గుర్తు ఉంటుంది, అంటే ఆ సమ్‌థింగ్ ఆఫ్‌కి ముందూ రావచ్చు, వెనకా రావచ్చు అని. అర్థం కంటే ముందు ఆ గుర్తులు చదువు. సరే, ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను. మీ క్లయింట్ మీ ఊరు వచ్చాడు, స్టేషన్‌కి నువ్వు బండి తీసుకెళ్లావు. ఆయన అన్నాడు, "ఐ హోప్ ఐ యామ్ నాట్ పుటింగ్ యూ అవుట్."

తమ్ముడు: పుట్ అవుట్ అంటే మంట ఆర్పడం, అది తెలుసు. ఇక్కడ మంట లేదు. "యూ" ఉంది, అంటే నేనున్నాను, మనిషిని. కాబట్టి ఇది వేరే అర్థం. బయటికి పంపడమా... లేదు, ఊహించను. ఫోన్‌లో చూస్తాను. పుట్... సమ్‌బడీ... అవుట్. ఇదిగో, ఒకరికి శ్రమ కలిగించడం, ఇబ్బంది పెట్టడం.

అక్క: మనం "మీకు శ్రమ ఇస్తున్నానేమో" అనమూ, అదే.

తమ్ముడు: రాసుకుంటున్నా అక్కా. "ఐ హోప్ ఐ యామ్ నాట్", ఖాళీ, "యూ", మళ్లీ ఖాళీ. పైన మూలకి "స్టేషన్ దగ్గర, బండి ఎక్కుతూ" అని కూడా రాశాను.