వంద డాలర్ల అప్పు నుంచి వంద రోజుల ఫైనాన్స్ దాకా

అధ్యాపక మిత్రులందరికీ నమస్కారం.

బి.కాం. మొదటి సంవత్సరం విద్యార్థులకు వడ్డీరేట్ల పాఠం చెప్పేటప్పుడు మనలో చాలామందిమి విదేశీ పాఠ్యపుస్తకంతో పాటు వచ్చిన స్లైడ్లనే వాడుతున్నాం. వాటిలోని ఒకే ఒక్క ఉదాహరణను నరసరావుపేటలోనో జగిత్యాలలోనో కూర్చున్న విద్యార్థికి అందేలా ఎలా మార్చవచ్చో ఈరోజు మీ ముందు పూర్తిగా విప్పి చూపించాలనుకుంటున్నాను.

ఆ స్లైడులో ఉన్నది అమెరికాలో పేడే లోన్ అని పిలిచే అప్పు. ఉద్యోగి 100 డాలర్లు తీసుకుంటాడు, రెండు వారాల తర్వాత జీతం రాగానే 115 డాలర్లు ఒకేసారి కడతాడు. పదిహేను డాలర్లే కదా అనిపిస్తుంది. కానీ రెండు వారాలకు 15 శాతమంటే, 365ను 14తో భాగించి 15తో గుణిస్తే, ఏడాదికి సుమారు 391 శాతం అవుతుంది. అప్పు ఇచ్చేవారు ఈ వార్షిక రేటును, అంటే ఏపీఆర్‌ను, అప్పు తీసుకునేవారికి తెలపాలని అక్కడ 1968లోనే చట్టం వచ్చింది. అక్కడి విద్యార్థికి ఇది ఇరుగుపొరుగులో కనిపించే సంగతి. మన విద్యార్థికి రెండు వారాలకొకసారి జీతం వస్తుందన్నదే కొత్త విషయం కాబట్టి, అతని శ్రద్ధంతా వడ్డీ మీద కాకుండా ఆ జీతం మీదికి పోతుంది.

మొదట నేను చేసిన మార్పు డాలరు గుర్తు తీసి రూపాయి గుర్తు పెట్టడం, జాన్ పేరు తీసి రాము పేరు పెట్టడం. లెక్క అందరూ సరిగానే చేశారు, కానీ అలాంటి అప్పు మన ఊళ్లో ఎవరూ ఇవ్వరు కనుక అది వారికి లెక్కగానే మిగిలిపోయింది. మరుసటి ఏడాది బ్యాంకులో బంగారం తాకట్టు అప్పును తెచ్చాను. అది అందరికీ తెలిసినదే, అయినా పాఠం ఇంకా దెబ్బతింది. వడ్డీని అక్కడ ముందే ఏడాది లెక్కన చెబుతారు కాబట్టి బయటపెట్టడానికి దాగి ఉన్న రేటు ఏదీ లేదు. పైగా తరగతిలో చర్చంతా గ్రాముకు ఎంత ఇస్తారు, వేలం ఎప్పుడు వేస్తారు అన్న వైపు వెళ్లిపోయింది. పాఠంలోని లెక్కను వదిలి విద్యార్థులు వస్తువు గురించే మాట్లాడుతున్నారంటే ఉదాహరణ తప్పిందని నేను అప్పుడే గ్రహించవలసింది.

ఆ తర్వాత నుంచి, స్లైడు మార్చే ముందు, ఊరూ పేరూ డబ్బూ తీసేసి, ఆ ఉదాహరణ చేస్తున్న పనిని ఒక్క వాక్యంలో రాసుకుంటున్నాను. ఇక్కడ ఆ వాక్యం ఇది: తక్కువ కాలానికి చిన్న మొత్తంగా చెప్పిన ఖర్చు, ఏడాది లెక్కకు తెస్తే పెద్ద రేటుగా తేలుతుంది. ఈ పని చేసే అప్పు మన బజారులో ఏదని వెతికితే రెండు దొరికాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటిగానే చెప్పాలి.

మొదటిది నూటికి రెండు రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటు మీద 10,000 తీసుకుంటే నెలకు 200, ఏడాదికి 2,400, అంటే 24 శాతం బారువడ్డీ. ఆ మాటలో "నెలకు" అన్నది పైకి వినిపించదు, అందరికీ తెలుసన్న నమ్మకంతో వదిలేస్తారు. వ్యాపార కుటుంబాల పిల్లలకు అది తెలుసు. బ్యాంకు శాతాలు మాత్రమే విన్న పిల్లలు "బయట రెండు, బ్యాంకులో తొమ్మిది, మరి బయటే నయం కదా" అంటారు. ఆ జవాబు వచ్చినప్పుడు సరిదిద్దే తొందర పెట్టుకోకండి. రేటు పక్కన కాలం లేకపోతే ఆ అంకెకు అర్థం లేదన్న విషయం పిల్లలకు అక్కడే పట్టుబడుతుంది.

రెండవది రోజువారీ ఫైనాన్స్. కూరగాయల బండి నడిపే ఆమె 10,000 అప్పు రాయించుకుంటుంది, వడ్డీ కింద 1,000 ముందే పట్టుకుని చేతికి 9,000 ఇస్తారు, ఆమె రోజుకు 100 చొప్పున 100 రోజులు కడుతుంది. ఇందులో వడ్డీ ఎంత అని అడిగితే తరగతి ముక్తకంఠంతో పది శాతం అంటుంది. చేతికి వచ్చింది 9,000 కదా అని గుర్తుచేస్తే 11 శాతం అంటారు, 100 రోజులకే కదా అంటే ఏడాదికి 40 శాతం దాకా వస్తారు. అసలు మలుపు ఆ తర్వాత ఉంది. ఆ 9,000 ఆమె దగ్గర వంద రోజులూ ఉండదు, మొదటి రోజు నుంచే తిరిగి వెళ్లిపోతూ ఉంటుంది. బాకీ 9,000 నుంచి సున్నాకు దిగుతుంది కనుక సగటున సుమారు 4,500 వాడుకుంది అనుకుందాం. 4,500 మీద 100 రోజులకు 1,000 అంటే 22 శాతం పైన, ఏడాదికి సుమారు 81 శాతం. ఈ అంచనాకు నల్లబల్ల చాలు. కచ్చితమైన రేటు కావాలంటే స్ప్రెడ్‌షీట్‌లో ఇలా కొట్టాలి:

```
=RATE(100,-100,9000)*365
```

జవాబు 77.6 శాతం దగ్గర వస్తుంది. అంచనా కంటే ఇది కొంచెం తగ్గడానికి కారణం, మొదటి రోజుల్లో కట్టే వందలో వడ్డీ భాగం ఎక్కువ కాబట్టి అసలు మెల్లగా దిగి, సగటు బాకీ 4,500 కంటే కాస్త ఎక్కువగా ఉండటమే. దీన్ని బజారు భాషలోకి తిప్పితే నూటికి నెలకు ఆరున్నర రూపాయల దాకా పడుతుంది. నూటికి రెండే ఎక్కువని వాదించిన విద్యార్థి ఇక్కడ ఒక్క క్షణం మాట్లాడకుండా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

అయితే విదేశీ ఉదాహరణలో లేని ఒక చిక్కును మనం ఇక్కడ కొత్తగా తెచ్చామని మరవకూడదు. అక్కడ అప్పు ఒకేసారి తీరుతుంది, ఇక్కడ రోజూ తీరుతుంది. అందుకే రెండు ఉదాహరణలను ఒకే గంటలో కలిపి చెబితే, కాలాన్ని మార్చడం, తగ్గే బాకీని లెక్కించడం అనే రెండు వేర్వేరు విషయాలు పిల్లల మనసులో ముడిపడిపోతాయి. నేను వాటిని రెండు రోజులకు విడదీశాను. ఆదివారం వసూలు లేకపోయినా, ఒక రోజు కట్టకపోయినా రేటు మారుతుంది కాబట్టి, ప్రతిరోజూ కట్టినట్టు అనుకుంటున్నామని స్లైడు మీదే రాయాలి.

ఇంకొక విషయం నాకు మనసులో బాగా నాటుకుంది. పేడే లోన్ ఎవరి ఇంటిదీ కాదు, రోజువారీ ఫైనాన్స్ మాత్రం ఎదురుగా కూర్చున్న పిల్లల ఇంటిది కావచ్చు, అప్పు తీసుకున్న ఇల్లయినా, ఇచ్చిన ఇల్లయినా. మీ ఇంట్లో ఎవరైనా తీసుకున్నారా అని దయచేసి అడగకండి. బండి ఆమె కథ చాలు. ఆమెను అమాయకురాలిగా చూపించడం కూడా సరికాదు. తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లే ముందు, కాగితాలూ పూచీ అడగకుండా డబ్బు చేతికి వచ్చేది అక్కడే కాబట్టి ఆమె ఆ రేటుకు ఒప్పుకుంటుంది.

పాఠం అందిందో లేదో తెలుసుకోవడానికి నేను ఒక్క ప్రశ్నే వేస్తాను: అదే 9,000 ఇచ్చి, రోజుకు 200 చొప్పున 50 రోజుల్లోనే వసూలు చేస్తే ఏమవుతుంది? అదనంగా కట్టేది అదే 1,000 కాబట్టి ఏమీ మారదన్న విద్యార్థి నా కథను గుర్తుపెట్టుకున్నాడు. డబ్బు సగం కాలమే చేతిలో ఉంది కనుక రేటు దాదాపు రెట్టింపవుతుందన్న విద్యార్థికి లెక్క పట్టుబడింది. రెండవ జవాబు చెప్పినవారి ముందు పాత పేడే లోన్ స్లైడును మళ్లీ పెడతాను, 391 శాతం ఎలా వచ్చిందో వారే చెబుతారు. దానితో పాటు ఒక బ్యాంకు రుణం తాలూకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ నకలు పంచుతాను. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ రుణాలకు ఆ పత్రం ఇవ్వాలి, అందులో ఏపీఆర్ ఉండాలి. ఆ పత్రంలో ప్రాసెసింగ్ రుసుము వంటి ఖర్చులు ఎక్కడున్నాయో, వాటిని కలిపితే వడ్డీరేటుకూ ఏపీఆర్‌కూ మధ్య తేడా ఎంత వచ్చిందో పిల్లలు వేలు పెట్టి చూపించాలి.