కోపం అనే మాట కొట్టేస్తే సీన్‌లో ఏం మిగులుతుంది?

హోస్ట్: నమస్కారం. ఈసారి ఒకే ఒక్క సీన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. పేజీన్నర ఉంటుంది. నాన్న పోయాక అక్కాతమ్ముడు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. అక్క నాన్నతోనే ఉండిపోయింది, తమ్ముడు ఎప్పుడో ఊరు విడిచి వెళ్లాడు. మొదటి డ్రాఫ్ట్ చదువుతాను.
అక్క: "మమ్మల్ని వదిలేసి వెళ్లావని నాకు చాలా కోపంగా ఉందిరా."
తమ్ముడు: "నాకూ బాధగానే ఉందక్కా. నాన్న దగ్గర లేనందుకు రోజూ కుమిలిపోతున్నాను."
అక్క: "నేనెంత ఒంటరినైపోయానో నీకెప్పుడూ అర్థం కాలేదు."
ఇందులో మీరు ముందు చూసేదేంటి మేడమ్?

ఎడిటర్: పెన్సిల్ తీసుకుని మనసు పేరు చెప్పే మాటల కింద గీత గీస్తానండి. కోపం, బాధ, కుమిలిపోవడం, ఒంటరి. మూడు డైలాగుల్లో నాలుగు గీతలు పడ్డాయి. ఈ మాటలు ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు అనుకుంటున్నవి కావు, ప్రేక్షకుడికి చెబుతున్నవి. ఆమె కోపం తమ్ముడికి తెలీదా? గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసుంటుంది.

హోస్ట్: గీత పడ్డ ప్రతి లైనూ కొట్టేయాల్సిందేనా?

ఎడిటర్: కాదు. ఆ లైన్ మీద వేలు పెట్టి, మిగతాది చదవాలి. కోపం అప్పటికీ తెలుస్తుంటే ఆ లైన్ అదనం, తీసేయొచ్చు. తెలియకపోతే అసలు లోపం డైలాగులో లేదు, సీన్‌లో వాళ్లకి చేయడానికి పనే లేదు. ఇక్కడ జరిగింది అదే. ఇద్దరూ ఊరికే నిలబడి మాట్లాడుకుంటున్నారు. అక్క చేతికి ఒక వస్తువు ఇద్దాం. పెట్టెలోంచి ఒక కళ్ళజోడు తీసింది.
అక్క: "ఇదెవరిది?"
తమ్ముడు: "నాన్నది."
అక్క: "నాన్న కళ్ళజోడు మార్చి మూడేళ్లయింది. ఇది నువ్వున్నప్పటిది."
తమ్ముడు: "లారీ పదింటికల్లా వచ్చేస్తుంది. ఇంకా ఎన్ని పెట్టెలున్నాయి?"

హోస్ట్: కోపమన్న మాటే లేదు, కానీ ఆ మూడేళ్ల లెక్క గట్టిగా తగులుతోంది. తమ్ముడి బాధ మాత్రం నాకు కొంచెం ఆలస్యంగా అందింది.

ఎడిటర్: అందాల్సింది అలాగే. అతను మాట మార్చినప్పుడు మనకి అర్థమవుతుంది. రాసేవాళ్లకి అక్కడే భయం వేస్తుంది, ప్రేక్షకుడు పట్టుకోలేడేమోనని. వెంటనే "నన్ను క్షమించక్కా" అని ఇంకో లైన్ కలుపుతారు. దాంతో కళ్ళజోడు చేసిన పనంతా పోతుంది.

హోస్ట్: మరి మనసు పేరు చెప్పే మాట ఎప్పుడు ఉండొచ్చు?

ఎడిటర్: అది అబద్ధమైనప్పుడు. "నాకేం కోపం లేదు" అని అక్క పెట్టెకి టేపు వేస్తూ అంటే ఉంచేస్తాను. ఎదుటివాళ్ల చేత ఏదో ఒకటి చేయించుకోవడానికి వాడినా ఉంచొచ్చు. "నాకు భయంగా ఉంది, ఈ రాత్రి ఇక్కడే ఉండు" అంటే అది అడగడం, వర్ణన కాదు.

హోస్ట్: ఇక రెండో సంగతి. మొదటి డ్రాఫ్ట్‌లో ఇద్దరూ ఒకే మనిషిలా మాట్లాడుతున్నారు.

ఎడిటర్: అందుకే గొంతుల తేడా చూసే పరీక్ష రెండోదిగా చేస్తాను, ముందు చేయను. తమ మనసు తామే విప్పి చెప్పుకునేటప్పుడు అందరి గొంతూ రచయిత గొంతే అవుతుంది. ఆ లైన్లు పోయాక సగం తేడా దానంతటదే వస్తుంది. ఇప్పుడు చూడండి, అక్క సమాధానం తెలిసే ప్రశ్న వేస్తోంది, పట్టుకోవడానికి. తమ్ముడు పనుల్లో, టైముల్లో దాక్కుంటున్నాడు.

హోస్ట్: చాలామంది ఒకరికి యాస పెడతారు, లేదా ఒక ఊతపదం తగిలిస్తారు.

ఎడిటర్: అది చొక్కా మార్చడం లాంటిదండి. ఊతపదం తీసేసి చదవండి, మళ్లీ ఒకే గొంతు. నేను ఒక్కొక్కరి డైలాగులు విడిగా కాగితం మీదకి ఎత్తి రాసి, ఆ మనిషివి మాత్రమే వరసగా చదువుతాను. వాక్యం పూర్తి చేస్తాడా, క్రియ మింగేస్తాడా? అడిగినదానికే జవాబిస్తాడా, పక్కకి జరుగుతాడా? పిలుపులు కూడా చూస్తాను. ఈ తమ్ముడు మొదటి డ్రాఫ్ట్‌లో "అక్కా" అన్నాడు, రెండోదాంట్లో అసలు పిలవలేదు. పిలవకపోవడం కూడా అతని గొంతులో భాగమే. ఒకవేళ సీన్ చివర్లో ఒక్కసారి "అక్కా" అన్నాడంటే, దానికి బరువుంటుంది.

హోస్ట్: రాసినవాళ్లకి ఇవి సొంతంగా వినపడతాయా?

ఎడిటర్: కష్టమే, పేర్లు తలలో ఉంటాయి కాబట్టి. పేర్లు చెరిపేసి, సీన్ చదవని ఒకరికి ఇవ్వండి. ప్రతి లైన్ పక్కన అక్కో తమ్ముడో రాయమనండి. "సరే", "పద" లాంటివి లెక్కలోకి తీసుకోవద్దు, అవి ఎవరైనా అంటారు. మిగిలినవాటిలో ఎక్కడ తడబడ్డారో ఆ లైన్లే మళ్లీ రాయండి, సీనంతా తిరగరాయొద్దు.