ఒకే గిన్నె, రెండు సూపులు

నమస్కారం. పావు లీటరు పట్టే గిన్నెలు రెండు తీసుకుందాం. ఒకదాంట్లో చికెన్ క్లియర్ సూపు, రెండోదాంట్లో క్రీమ్ ఆఫ్ చికెన్. కొలత ఒకటే, క్యాలరీలు మాత్రం దాదాపు అయిదు రెట్ల తేడా. ఎక్కడినుంచి వచ్చిందో లెక్క వేసి చూద్దాం.

ముందు క్రీమ్ సూపు, నాలుగు గిన్నెలకు. వెన్న 40 గ్రాములు, అంటే 290 క్యాలరీలు. మైదా 40 గ్రాములు, 140. టోన్డ్ పాలు 400 మిల్లీలీటర్లు, 230. పాతిక శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ 150 మిల్లీలీటర్లు, 360. ఉడికిన చికెన్ 100 గ్రాములు, 160. మిగతాది చికెన్ ఉడికించిన నీళ్లు, 30. మొత్తం 1210, గిన్నెకు సుమారు 300.

క్లియర్ సూపులో లీటరు చికెన్ నీళ్లకు 60, అంతే చికెన్‌కు 160, క్యారెట్, బీన్స్ ముక్కలకు 30. గిన్నెకు అరవై చిల్లర. అందులోనూ ఎక్కువ భాగం చికెన్ ముక్కలదే.

అందరూ క్రీమ్‌నే తిడతారు గానీ, వెన్న వాటా దానికి పెద్దగా తీసిపోదు. రెండూ కలిపితే సగానికి పైనే. గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు, పిండిపదార్థానికైనా మాంసకృత్తులకైనా 4. తేడా అంతా అక్కడే.

అయితే క్లియర్ సూపు అన్న పేరును గుడ్డిగా నమ్మకండి. లీటరు నీళ్ల మీద రెండు పెద్ద చెంచాల కొవ్వు తేలుతూ ఉండిపోతే గిన్నెకు మరో 60 కలిసి, లెక్క రెట్టింపవుతుంది. తళతళా ఉడికిస్తే కొవ్వు చిన్న చుక్కలుగా విరిగి నీళ్లలో కలిసిపోతుంది, సూపు మసకబారుతుంది, ఇక గరిటెతో తీద్దామన్నా పూర్తిగా రాదు. అందుకే సన్నని సెగ మీద, చిన్న బుడగలు లేచేలా ఉంచాలి. వడకట్టి, చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గట్టిగా పేరుతుంది. తెల్లారి చెంచాతో పెచ్చులా లేచి వస్తుంది. కింద నీళ్లు జెల్లీలా వణికితే కంగారు పడొద్దు, అది ఎముకల్లోని జెలటిన్, కొవ్వు కాదు.

క్రీమ్ సూపును తేలిక చేయాలంటే వెన్న ఒక్కటే తగ్గించకండి. మైదాకు సమంగా వెన్న లేకపోతే ఉండలు కడుతుంది. రెండూ సగం చేసి, 100 గ్రాముల ఉడికిన బంగాళాదుంప మెదిపి కలపండి. క్రీమ్ కూడా సగం చేసి, తగ్గినంత మేర చికెన్ నీళ్లు పోయండి. గిన్నె 220 దగ్గరికి దిగుతుంది. క్రీమ్ మాత్రం పొయ్యి కట్టేశాకే వేయాలి.

ఆకలి మందగించి బరువు తగ్గిపోతున్న పెద్దవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్లు తాగగలిగేది ఆ పావు లీటరే అయినప్పుడు, వైద్యులు కొవ్వు వద్దనకపోతే, 300 క్యాలరీల గిన్నే ఇవ్వండి.