బురద తేరుకోకపోతే నీరు శుద్ధి కానట్టే: యాక్టివేటెడ్ స్లడ్జ్, బీఓడీ

[దృశ్యం: బల్ల మీద ఒక లీటరు గాజు కొలపాత్ర. అందులో చిక్కటి టీ రంగు ద్రవం.]

మురుగునీటి శుద్ధికేంద్రంలో గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నుంచి ఈ లీటరు నీటిని ఇప్పుడే ముంచి తెచ్చాము. దీనిని కదపకుండా అరగంట ఉంచుదాం. ఈలోగా ఈ గోధుమరంగు ఎక్కడిదో చూద్దాం.

[దృశ్యం: మూతి దగ్గర నురగ కట్టిన పాత గాజు సీసా, అందులో గాలి బుడగలు.]

మురుగులోకి గాలి ఊదితే అది మెల్లగా శుభ్రపడుతుందని ఇరవయ్యో శతాబ్దం ఆరంభానికే తెలుసు. కానీ అందుకు వారాలు పట్టేది. మాంచెస్టర్‌లోని డేవీహూమ్ కేంద్రంలో పనిచేసిన ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ తేరిన నీటిని మాత్రం వంపేసి, అడుగున మిగిలిన బురదను అలాగే ఉంచి, దాని మీద కొత్త మురుగు పోశారు. ఇలా చేసిన ప్రతిసారీ సమయం తగ్గుతూ, చివరికి ఒక రోజుకంటే తక్కువకు వచ్చింది. ఆ బురదకు వారు 1914లో పెట్టిన పేరే యాక్టివేటెడ్ స్లడ్జ్. మన పెరుగు తోడు లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ తోడుగా వేసేది గరిటెడు కాదు, ట్యాంకు నిండా ఉంటుంది.

[దృశ్యం: సూక్ష్మదర్శిని కింద ఒక చుక్క. మధ్యలో మబ్బుతునక లాంటి ముద్ద, దాని అంచున కాడ మీద గంట ఆకారపు జీవి.]

ఈ ముద్దను ఫ్లాక్ అంటారు. జిగురుతో అతుక్కున్న వేలాది బ్యాక్టీరియాల సముదాయమిది. కరిగి ఉన్న సేంద్రియ మలినాన్ని ఇవే తింటాయి. అంచున కాడ ముడుచుకుంటూ, మళ్లీ సాగుతూ ఉన్నది వర్టిసెల్లా అనే ఏకకణజీవి. ముద్దలో చేరకుండా విడిగా తిరిగే బ్యాక్టీరియాను అది నోటి చుట్టూ ఉన్న కేశాలతో లాక్కుని తింటుంది. ఇటువంటి జీవులు లేని ట్యాంకు నుంచి వచ్చే నీరు మసకగానే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. బ్యాక్టీరియా తిన్న మలినం అంతా మాయం కాదు. కొంత భాగం ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, మిగతాది కొత్త బ్యాక్టీరియాగా మారుతుంది. అంటే కరిగి ఉన్న మలినం అడుగుకు చేరగల ముద్దగా రూపం మార్చుకున్నదన్నమాట. ఆ ముద్ద తరువాతి ట్యాంకులో నిజంగా అడుగుకు చేరితేనే పని పూర్తయినట్టు.

[దృశ్యం: 300 మిల్లీలీటర్ల గాజు సీసాలు రెండు, గాజు బిరడాలతో.]

ఎంత శుద్ధి జరిగిందో తెలిపే కొలత బీఓడీ, అంటే జీవరసాయన ఆక్సిజన్ అవసరం. ఇది మలినాన్ని నేరుగా తూచదు. దానిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో చెబుతుంది. బ్రిటన్‌లో స్థిరపడిన పద్ధతి అయిదు రోజులది. మన దేశంలో 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచుతారు.

మొదటి సీసాలో 5 మిల్లీలీటర్ల మురుగు పోసి, మిగతాది గాలి పట్టించిన శుభ్రమైన నీటితో నింపామనుకుందాం. ఆక్సిజన్ లీటరుకు 7.8 మిల్లీగ్రాముల నుంచి మూడు రోజుల్లో 4.2కు పడిపోయింది. తరుగు 3.6, మురుగును 60 రెట్లు పలుచన చేశాం కనుక బీఓడీ 216. రెండో సీసాలో శుద్ధి అయిన నీరు 60 మిల్లీలీటర్లు పోశాం. అక్కడా తరుగు 3.6 మాత్రమే, కానీ పలుచన అయిదు రెట్లే కాబట్టి బీఓడీ 18. దాదాపు 92 శాతం తగ్గిందన్నమాట.

ఈ కొలతకు ఒక మాయ ఉంది. నీటిలో విషపదార్థాలు ఉంటే సీసాలోని బ్యాక్టీరియా చచ్చి, ఆక్సిజన్ ఖర్చు కాదు. చెడ్డ నీరు మంచి అంకె చూపిస్తుంది. పైగా మూడు రోజులకు ఫలితం చేతికొచ్చేసరికి ఆ నీరు ఎప్పుడో ఏటిలో కలిసిపోయి ఉంటుంది. అందుకే ఆపరేటరు కన్ను రోజూ ఈ కొలపాత్ర మీదే ఉంటుంది.

[దృశ్యం: మళ్లీ కొలపాత్ర. పైన తేట నీరు, 250 గీత దగ్గర బురద అంచు.]

అరగంట అయింది. బురద 250 మిల్లీలీటర్లకు దిగింది. ఈ లీటరులో పొడి బరువుగా 2.5 గ్రాముల బురద ఉంది కనుక గ్రాముకు 100 మిల్లీలీటర్లు. ఇది మంచి స్లడ్జ్.

[దృశ్యం: పక్కన ఇంకో కొలపాత్ర, బురద అంచు 600 దగ్గరే ఆగిపోయింది.]

ఇందులోనూ బురద 2.5 గ్రాములే, కానీ గ్రాముకు 240 మిల్లీలీటర్లు. 150 దాటితే చాలు, అనుమానించాలి. సూక్ష్మదర్శినిలో చూస్తే ముద్దల నుంచి వెంట్రుకల్లాంటి పోగులు బయటికి పొడుచుకొచ్చి, ఒక ముద్దను ఇంకో ముద్ద దగ్గరకు రానివ్వకుండా నెడుతుంటాయి. పోగుల్లా పెరిగే బ్యాక్టీరియా ఇవి. ట్యాంకులో ఆక్సిజన్ చాలనప్పుడు ముద్దకట్టే వాటికంటే ఇవి త్వరగా పెరుగుతాయి. మలినాన్ని చక్కగానే తింటాయి, కానీ అడుగుకు దిగవు. ఈ బురద నీటితోపాటు పొంగి బయటికి పోతే, లీటరుకు 50 మిల్లీగ్రాములు పోయినా దాదాపు 25 బీఓడీ తిరిగి చేరుతుంది. మనం సాధించిన 18 కాస్తా 43 అవుతుంది.

అప్పుడు ముందుగా ట్యాంకులో కరిగిన ఆక్సిజన్‌ను లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర నిలపాలి. అత్యవసరమైతే, తరువాతి ట్యాంకు అడుగు నుంచి ఏరేషన్ ట్యాంకుకు వెనక్కి పంపే బురదలో కొద్దిగా క్లోరిన్ కలుపుతారు. ముద్ద బయట ఉన్న పోగులకే అది ముందు తగులుతుంది. మోతాదు మించితే ముద్ద లోపలివీ చస్తాయి కనుక, రోజూ ఈ కొలపాత్రను నింపి, అంచు ఎక్కడ ఆగిందో చూసుకుంటూనే కలపాలి.